గార్నెట్ గింజ చేసిన ప్రయాణం

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో సముద్రపు టొడ్డున నడిచారా? అల వెనక్కి తగ్గినచోట తెల్లని ఇసుక మీద ఎర్రగా, నల్లగా చారలు కనిపిస్తాయి. ఎర్రచారలోంచి చిటికెడు ఇసుక తీసి భూతద్దం కింద పెట్టి చూడండి. దానిమ్మ గింజల్లా మెరిసే చిన్న చిన్న రేణువులు కనిపిస్తాయి. ఇవి గార్నెట్ అనే ఖనిజం. మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు. గార్నెట్ సుమారు నాలుగు రెట్లు. అమ్మ చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగిలినట్టే, అల తేలిక ఇసుకను లాక్కుపోయి ఈ బరువు గింజల్ని వదిలేస్తుంది.

రేపు మీలో ఎవరైనా కళాశాలలో భూవిజ్ఞానం తీసుకుంటే, మొదటి సంవత్సరంలోనే తెర మీద ఒక స్లైడు వేస్తారు. అందులో మూడు గళ్లుంటాయి: అగ్నిశిల, అవక్షేపశిల, రూపాంతరశిల. వాటి మధ్య బాణాలు. దాని పేరు శిలాచక్రం. తరవాతి స్లైడులో భూమి పటం, దాని మీద పలకల సరిహద్దులు. పరీక్షలో చాలామంది మొదటి బొమ్మను గుండ్రంగా గీసి, రెండోదాన్ని వేరే ప్రశ్నకని దాచుకుంటారు. అక్కడే మార్కులు పోతాయి! మొదటి స్లైడులోని ముఖ్యమైన బాణాలు ఎక్కడ పనిచేస్తాయో చెప్పేది రెండో స్లైడే. మన గార్నెట్ గింజ వెంట వెళ్లి చూద్దాం.

ఈ గింజ ఎక్కడినుంచి వచ్చింది? దూరం నుంచేమీ కాదు. కైలాసగిరి, సింహాచలం కొండల్లోని రాతిని చూడండి. పైన తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉంటుంది. పగలగొట్టిన ముక్కలో గార్నెట్ గింజలు పొదిగినట్టుంటాయి. ఆ రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు ప్రజల పేరు మీద వచ్చింది. ఒడిశాలోని కోణార్క ఆలయాన్ని ఎక్కువగా కట్టింది ఈ రాతితోనే.

ఇంత గట్టి రాయి ఒకప్పుడు బురద అంటే నమ్ముతారా? దానికి సాక్ష్యం ఉంది. ఖోండలైట్‌లో అల్యూమినియం చాలా ఎక్కువ, సున్నం, సోడియం తక్కువ. శిలాద్రవం చల్లారి ఏర్పడిన రాళ్లలో సామాన్యంగా ఇలా ఉండదు. వానకు, ఎండకు రాయి శిథిలమైనప్పుడు సున్నం, సోడియం నీటిలో కరిగిపోతాయి. అల్యూమినియం బంకమట్టిలో మిగులుతుంది. అంటే ఖోండలైట్ పుట్టుక నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక పొరల్లో ఉందన్నమాట.

మరి బురదను ఇలా మార్చినదేది? సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం, నేటి తూర్పు కనుమల ప్రాంతం, తూర్పు అంటార్కిటికా ఒకదానితో ఒకటి ఢీకొన్నాయి. రెండు ఖండాలు ఎదురెదురుగా వచ్చినచోట ఏదీ సులువుగా మునగదు, ఎందుకంటే ఖండపు రాయి తేలిక. భూపటలం ముడతలు పడి, దళసరి అవుతుంది. పొరలు కిందికి కూరుకుపోతాయి. మన బురద పొరలు అలా పాతిక, ముప్ఫై కిలోమీటర్ల లోతుకు చేరాయి. అక్కడి వేడి 800 నుంచి 900 డిగ్రీల సెంటిగ్రేడు. బంకమట్టిలోని ఖనిజాలు తమలోని నీటిని కోల్పోయి, గార్నెట్‌గాను, సిల్లిమనైట్‌గాను మారాయి. రాయి మొత్తంగా కరగలేదు సుమా! ఘనంగా ఉండగానే ఖనిజాలు మారితే దాన్ని రూపాంతరం అంటారు.

లోతు, వేడి ఎలా తెలిశాయి? సిల్లిమనైట్‌కు ఇద్దరు తోబుట్టువులున్నారు: కయనైట్, ఆండలుసైట్. మూడింటి రసాయన సూత్రం ఒకటే, Al₂SiO₅. పీడనం బాగా ఎక్కువైతే కయనైట్, పీడనం, వేడి రెండూ తక్కువైతే ఆండలుసైట్, వేడి బాగా పెరిగితే సిల్లిమనైట్ ఏర్పడతాయి. కనుక రాతిలో ఏది ఉందో చూస్తే అది ఎంత వేడిని చూసిందో ఒక అంచనా వస్తుంది. గార్నెట్‌లోని మూలకాల పాళ్లను కొలిచి ఆ అంచనాను ఇంకా సరిచేస్తారు.

ఖోండలైట్‌లో అక్కడక్కడా లేతరంగు చారలుంటాయి. ఆ వేడికి రాతిలో కొంతభాగం కరిగి, మళ్లీ గడ్డకట్టిన ఆనవాళ్లివి. ఒకే కొండరాయిలో రూపాంతరశిల, దాని పక్కనే అగ్నిశిల! గళ్ల మధ్య గీతలు స్లైడులో ఉన్నంత స్పష్టంగా ప్రకృతిలో ఉండవు.

సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం కథ తిరగబడింది. భారత ఖండం, అంటార్కిటికా విడిపోసాగాయి. పలకలు దూరమయ్యేచోట కింది నుంచి వేడిరాయి పైకి లేస్తుంది. పీడనం తగ్గేసరికి కొంత కరిగి, బసాల్టుగా గడ్డకట్టి కొత్త సముద్రపు అడుగు అవుతుంది. మన తూర్పు తీరం ఆ చీలిక అంచే. కాని ఇక్కడొక పొరపాటు జరుగుతుంది. తీరం ఉంది కనుక పలక సరిహద్దు ఇదేనని రాస్తారు. కాదు! సరిహద్దు ఇప్పుడు విశాఖకు తూర్పున సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది. తీరమూ, బంగాళాఖాతపు అడుగూ ఒకే పలక మీద ఉన్నాయి. అందుకే విశాఖలో అగ్నిపర్వతం లేదు.

ఆ దూరపు సరిహద్దులో, అండమాన్ దీవుల పడమట, సముద్రపు అడుగు పక్క పలక కిందికి దూరుతోంది. 2004 డిసెంబరు 26న సునామీని పుట్టించిన భూకంపం ఆ సరిహద్దు వెంటే వచ్చింది. దూరిన పలక వేడికి కరిగి లావా అవుతుందని చాలామంది రాస్తారు. అసలు సంగతి వేరు. దిగే పలక ఖనిజాల్లోని నీటిని వదులుతుంది. ఆ నీరు పైనున్న వేడిరాతిలోకి చేరి, అది కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు వేయడం చూశారు కదూ? ఉప్పు తగిలితే ఐసు సున్నా డిగ్రీలకంటే తక్కువలోనే కరుగుతుంది. అదే తంతు ఇక్కడ. అలా కరిగినదే పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా ఉన్న బ్యారన్ దీవిలో అగ్నిపర్వతంగా వెలువడుతుంది.

పలకలు పక్కపక్కగా ఒరుసుకుంటూ జారే సరిహద్దు మూడోది. అక్కడ భూకంపాలు వస్తాయి గాని పలకలో కొత్తది చేరదు, పాతది పోదు. శిలాచక్రంలో దాని పాత్ర తక్కువ.

ఇక మన గింజ సంగతి. ఖండాలు ఢీకొన్నచోట లేచిన పర్వతాలు కోట్ల ఏళ్ల వానలకు అరిగాయి. లోతున ఉన్న ఖోండలైట్ బయటపడింది, శిథిలమైంది. గార్నెట్ గట్టిది కనుక ఎక్కువగా చెక్కుచెదరకుండా వాగుల్లో కొట్టుకొచ్చి తీరం చేరింది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లోనూ ఇలాంటి బరువు రేణువులున్నాయి. ఇనుము తుప్పు పూసుకున్న ఆ ఇసుక ఇంకా గట్టి శిల కాలేదు. అవక్షేపశిల వైపు వెళ్లే దారిలో ఉంది. అవి రక్షిత స్థలాలు, చూడండి గాని తవ్వకండి.

తీరాన ఉన్నంతకాలం గింజ ఖండం మీదే ఉన్నట్టు, మునగదు. ఏ తుపానో దాన్ని లోతు సముద్రంలోకి తోస్తే మాత్రం, సముద్రపు అడుగుతో పాటు ప్రయాణిస్తుంది. ఏటికి 5 సెంటీమీటర్ల చొప్పున నేరుగా వెళ్లినా వెయ్యి కిలోమీటర్లకు రెండు కోట్ల ఏళ్లు. పలక ఏటవాలుగా కదులుతోంది కనుక ఇంకా ఎక్కువే పడుతుంది. అక్కడికి చేరాక కూడా అది కిందికే దిగాలని లేదు. అడుగున ఉన్న మట్టి, ఇసుక చాలావరకు పై పలక అంచుకు గీసుకుని, పెంకుతో పెనం గీకితే మాడు పోగుపడినట్టు పోగవుతుంది. అండమాన్ దీవుల్లోని ఇసుకరాతి పొరలు చాలావరకు అలా పోగుపడ్డవే.