పెరిగిన బంగారం విలువ ఏ పద్దులో పడుతుంది?

బంగారం ధర కొత్త రికార్డు కొట్టిన ప్రతిసారీ ఒక వార్త వస్తుంది: రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిల్వల విలువ ఇన్ని వేల కోట్లు పెరిగిందని. చదివిన చాలామంది ఆ డబ్బు బ్యాంకుకు లాభంగా వచ్చిందనీ, రేపోమాపో డివిడెండుగా కేంద్ర ప్రభుత్వానికి చేరుతుందనీ అనుకుంటారు. కానీ ఆ పెరుగుదలలో ఒక్క రూపాయి కూడా ఆదాయం పద్దుకు వెళ్లదు. ఎందుకు వెళ్లదో తెలియాలంటే లెక్క ఎలా రాస్తారో చూడాలి.

2024 మార్చి చివరికి రిజర్వు బ్యాంకు దగ్గర 822.10 టన్నుల బంగారం ఉంది. ఏడాది తిరిగేసరికి అది 879.58 టన్నులైంది. ఇందులో కొంత మనం జేబులో పెట్టుకునే నోట్లకు దన్నుగా ఉంటుంది, మిగతాది బ్యాంకు సొంత ఆస్తి. రెండింటికీ విలువ కట్టే పద్ధతి ఒకటే. లండన్ మార్కెట్లో నెలాఖరున ప్రకటించిన డాలరు ధర తీసుకుంటారు, ఆనాటి మారకం రేటుతో రూపాయల్లోకి మారుస్తారు, అందులో 90 శాతమే పుస్తకంలో రాస్తారు. అంతర్జాతీయ ధరను మించి విలువ కట్టకూడదని రిజర్వు బ్యాంకు చట్టం 33వ సెక్షన్ అంటుంది. ఆ పది శాతం తగ్గింపు బ్యాంకు తనకు తాను పెట్టుకున్న జాగ్రత్త.

2024 మార్చి చివర్లో లండన్ ధర ఔన్సుకు సుమారు 2,214 డాలర్లు, డాలరు 83 రూపాయల 37 పైసలు. ఔన్సంటే 31.1 గ్రాములు కాబట్టి గ్రాముకు దాదాపు 5,935 రూపాయలు. అందులో 90 శాతం 5,342. అదే ఏడాది వార్షిక నివేదికలో 514.07 టన్నులకు చూపిన విలువ 2,74,714 కోట్లు. భాగిస్తే గ్రాముకు 5,344 రూపాయలు వస్తుంది. కాగితం, పెన్ను ఉంటే ఎవరైనా సరిచూసుకోగలిగిన లెక్క ఇది. మరుసటి ఏడాది నివేదికలో 568.20 టన్నులకు 4,31,625 కోట్లు చూపారు. అంటే పది గ్రాములు 75,964 రూపాయలు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నగల దుకాణంలో చెప్పిన ధర ఇంతకంటే చాలా ఎక్కువ. దానిలో దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసి ఉంటాయి, పది శాతం కోత ఉండదు.

ఆ ఒక్క ఏడాదిలో గ్రాము విలువ 2,252 రూపాయలు పెరిగింది. ముందునుంచీ ఉన్న 822 టన్నులకు లెక్కేస్తే దాదాపు 1.85 లక్షల కోట్లు. ఈ పెరుగుదలకు లండన్ ధర ఒక్కటే కారణం కాదు. డాలరుతో రూపాయి బలహీనపడినా, బంగారం ధర కదలకుండానే రూపాయల్లో విలువ పెరుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆస్తుల వైపు 1.85 లక్షల కోట్లు పెరిగితే, రెండు వైపులా సరితూగడానికి అవతలి వైపూ అంతే పెరగాలి. మామూలు వ్యాపారి అయితే లాభమని రాసుకోవచ్చు. రిజర్వు బ్యాంకు దాన్ని ‘కరెన్సీ అండ్ గోల్డ్ రీవాల్యుయేషన్ అకౌంట్’ అనే ఖాతాలో వేస్తుంది. విదేశీ కరెన్సీ ఆస్తుల విలువలో వచ్చే హెచ్చుతగ్గులు కూడా ఇందులోకే చేరతాయి. ధర పెరిగితే ఖాతా ఉబ్బుతుంది, తగ్గితే కరుగుతుంది. లాభనష్టాల పట్టికలో దాని ఊసే ఉండదు. ప్రభుత్వానికి ఇచ్చే మిగులును ఆ పట్టిక చూసే తేలుస్తారు. ఈ ఖాతాలోని సొమ్ము పంచడానికి లేదని బిమల్ జలాన్ కమిటీ 2019లో తేల్చి చెప్పింది.

2009లో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నులు కొన్నప్పుడు, మన తెలుగువారైన దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉన్నారు. ఖర్చు 670 కోట్ల డాలర్లు, ఆనాటి రేటులో ముప్పై వేల కోట్ల రూపాయల పైచిలుకు. అదే బంగారం 2025 మార్చి పుస్తకంలో దాదాపు 1.52 లక్షల కోట్లు. మధ్యలో పెరిగిన లక్షా ఇరవై వేల కోట్లలో ఏమీ ఆదాయంగా మారలేదు. కారణం, బంగారాన్ని అమ్మలేదు. డాలర్ల సంగతి వేరు. రూపాయి మరీ పడిపోకుండా రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్ముతుంది. ఎప్పుడో చవగ్గా కొన్నవాటిని ఎక్కువ ధరకు అమ్మినప్పుడు వచ్చిన తేడా నిజంగా చేతికొచ్చిన లాభం, అది ఆదాయంలో చేరుతుంది. 2024-25కి కేంద్రానికి ఇచ్చిన 2,68,590 కోట్ల మిగులులో ఈ డాలరు అమ్మకాల వాటా పెద్దది.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఆపదలో ఆదుకోవడానికి రిజర్వు బ్యాంకు ఉంచుకునే ‘కంటింజెన్సీ ఫండ్’ మొత్తం బ్యాలెన్స్ షీట్‌లో ఇంత శాతం ఉండాలన్నది నియమం. 2024-25లో దాన్ని 7.5 శాతంగా పెట్టారు. బంగారం ధర పెరిగితే బ్యాలెన్స్ షీటూ పెద్దదవుతుంది, దానితో ఈ నిధీ పెరగాలి. ఆ సొమ్మును ఆదాయంలోంచే తీసిపెట్టాలి. 1.85 లక్షల కోట్లలో 7.5 శాతమంటే 13,900 కోట్ల దాకా అవుతుంది. అంటే బంగారం పెరుగుదల కేంద్రానికి ఇచ్చే మిగులును పెంచకపోగా, మిగతావన్నీ అలాగే ఉంటే ఆ మేరకు తగ్గిస్తుంది.

అన్ని దేశాలదీ ఇదే పద్ధతి కాదు. అమెరికా 1973 నుంచీ ఔన్సుకు 42.22 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఎనిమిది వేల టన్నులకు పైబడిన బంగారం ఫెడరల్ రిజర్వు పుస్తకాల్లో 1,100 కోట్ల డాలర్ల పత్రాలుగా మాత్రమే కనిపిస్తుంది. మనమూ 1990 అక్టోబరు 16 దాకా పది గ్రాములకు 84 రూపాయల 39 పైసలే రాసుకున్నాం. మార్కెట్ ధరకు దగ్గరగా విలువ కట్టడం ఆ మర్నాడే మొదలైంది.

స్విట్జర్లాండ్ రెండో కొస. అక్కడి కేంద్ర బ్యాంకు 1,040 టన్నుల బంగారంపై వచ్చే పెరుగుదలను నేరుగా లాభంలో కలుపుతుంది. 2024లో ప్రకటించిన 8,070 కోట్ల ఫ్రాంకుల లాభంలో 2,120 కోట్లు బంగారానివే, అమ్మకపోయినా సరే. కాగితం మీది హెచ్చుతగ్గులన్నీ లాభంలోకి తెచ్చే ఈ పద్ధతికి బాధ కూడా ఉంది. 2022లో విదేశీ బాండ్లు, షేర్ల ధరలు పడిపోయి 13,250 కోట్ల ఫ్రాంకుల నష్టం వచ్చింది. రాష్ట్రాల్లాంటి అక్కడి కాంటన్లకు ఆ ఏడాదికీ, తర్వాతి ఏడాదికీ పైసా అందలేదు. బడ్జెట్లో ఆ డబ్బును ముందే రాసుకున్నవారు ఇబ్బందిపడ్డారు.

నాకు మన పద్ధతే సబబనిపిస్తుంది. అమ్మని బంగారంపై లాభం పంచితే, ఆ రూపాయలను కొత్తగా సృష్టించి ఇవ్వాలి. ధర దిగితే వాటిని ఎవరి దగ్గరా తిరిగి రాబట్టలేం. ఒక్క లోటు మాత్రం ఉంది. కరెన్సీ, బంగారం ఒకే ఖాతాలో కలిసిపోవడం వల్ల ఎవరి వాటా ఎంతో పైకి తెలియదు. రిజర్వు బ్యాంకు రెంటినీ విడివిడిగా చూపితే మేలు.

రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక ఏటా మే చివర్లో వస్తుంది, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఈసారి బంగారంతో ఇన్ని లక్షల కోట్లు వచ్చాయనే శీర్షిక కనబడితే, ఆ అంకె ఆదాయం పట్టికలో ఉందా, రీవాల్యుయేషన్ ఖాతాలో ఉందా అన్నది ఒకసారి చూడండి.