సమ్ ఎక్కడ? ఎనీ ఎక్కడ?



కిందటి సంక్రాంతి సెలవుల్లో హోసూరులో మా ఇంటికి ఒక పాత విద్యార్థి వచ్చాడు. బెంగుళూరులో ఒక యంత్ర పరికరాల కంపెనీలో పనిచేస్తున్నాడు. మాటల మధ్య తనకు జరిగిన చిన్న అవమానం ఒకటి చెప్పాడు. ఇంగ్లండులోని ఒక కొనుగోలుదారుకు ధరల పట్టిక పంపుతూ, చివర మర్యాదగా ఒక వాక్యం చేర్చాడట: "ప్లీజ్ లెట్ మి నో ఇఫ్ యు హావ్ సమ్ డౌట్స్" అని. దానికి ఆయన, "నేను అనుమానించవలసిన సంగతి ఇందులో ఏమైనా ఉన్నదా?" అని జవాబు రాశాడు. పై అధికారి ఆ జవాబును పదిమందిలో చదివి వినిపించాడు.

"సార్, ప్రశ్నలోనూ, కాదు, లేదు అనే వాక్యంలోనూ ఎనీ, మిగతా చోట్ల సమ్ అని మీరే కదా చెప్పారు. నా వాక్యంలో ప్రశ్న లేదు, నాట్ అనే మాటా లేదు. మరి నేను చేసిన తప్పేమిటి?" అని అడిగాడు.

నిజమే. ఆ సూత్రం నల్లబల్ల మీద రాసింది నేనే. చిన్న తరగతులకు అది ఊతకర్రలాంటిది. నాలుగు అడుగులు వేయిస్తుంది, కానీ దారి మాత్రం చూపించదు. ఆ దారి ఏమిటో ఈరోజు చూద్దాం.

సమ్, ఎనీ అనే మాటలను నిర్ణయించేది వాక్యం రూపం కాదు, మాట్లాడేవారి మనసులోని ఊహ. సమ్ అన్నప్పుడు, "ఉంది" అనో, "ఔనంటారు" అనో ఒక నమ్మకం లోపల ఉంటుంది. ఎనీ అన్నప్పుడు అలాంటి ఊహ ఏదీ ఉండదు. ఉన్నా సరే, లేకపోయినా సరే. ఎంత ఉన్నా సరే, ఏది ఉన్నా సరే.

ఇంటికి చుట్టం వచ్చాడనుకోండి. "కొంచెం కాఫీ తీసుకుంటారా?" అని అడుగుతాం. రూపానికి ఇది ప్రశ్నే. కానీ మనం సమాచారం కోసం అడగడం లేదు, గ్లాసు అందిస్తున్నాం. ఔననాలన్నదే మన కోరిక. అందుకే ఇంగ్లీషులో ఇది "వుడ్ యు లైక్ సమ్ కాఫీ?" అవుతుంది. ఇక్కడ ఎనీ వాడితే వ్యాకరణం చెడిపోదు గాని, ఆదరం తగ్గుతుంది. వద్దన్నా తమకు ఇబ్బంది లేదన్నట్టు వినిపిస్తుంది. వచ్చినవారు మొగమాటస్థులైతే, "ఎందుకులెండి" అని లేచిపోతారు.

ఏదైనా కావాలని అడిగేటప్పుడూ ఇంతే. పక్కింటివారిని మంచినీళ్ళు అడిగితే, "కుడ్ యు గివ్ మి సమ్ వాటర్?" అంటాం. ఇస్తారన్న నమ్మకంతోనే అడుగుతున్నాం కదా. అదే అంగడికి వెళ్ళి, అసలు చిల్లర ఉందో లేదో తెలుసుకోవాలంటే, "హావ్ యు గాట్ ఎనీ చేంజ్?" అనాలి. ఉందని తెలిసిన తరువాత, "కుడ్ యు గివ్ మి సమ్ చేంజ్?" అనాలి. మొదటిది విచారణ, రెండవది అభ్యర్థన. రెండూ ప్రశ్నలే, కానీ పనులు వేరు.

ఇప్పుడు మా విద్యార్థి వాక్యానికి వద్దాం. ఇఫ్ అనే మాటతో మొదలయ్యే భాగంలో ప్రశ్న గుర్తు ఉండదు, నాట్ కూడా ఉండదు. అయినా అందులో ఒక ప్రశ్న దాగి ఉంది. సందేహం ఉందో లేదో రాసేవారికి తెలియదు. ఉంటే చెప్పమంటున్నారు, లేకపోతే ఊరుకోమంటున్నారు. ఆ రెండింటికీ చోటిచ్చే మాట ఎనీ. అక్కడ సమ్ పెడితే, "మీకు కొన్ని సందేహాలు ఉన్నాయని నాకు తెలుసు, అవేమిటో చెప్పండి" అన్న ధ్వని వస్తుంది.

దానికి తోడు డౌట్స్ అనే మాట. మన దేశపు ఇంగ్లీషులో డౌట్ అంటే తెలియక అడిగే ప్రశ్న. ఇంగ్లండు, అమెరికా వాళ్ళకు ఆ మాట వినగానే అపనమ్మకం స్ఫురిస్తుంది. ఈ రెండూ కలిసేసరికి, "మీకు మా మీద నమ్మకం లేనట్టుంది" అన్న అర్థం ఆ కొనుగోలుదారు చెవిన పడింది. "ప్లీజ్ లెట్ మి నో ఇఫ్ యు హావ్ ఎనీ క్వశ్చన్స్" అని రాసి ఉంటే పేచీ లేకపోయేది.

ఈ పొరపాటుకు బడి సూత్రం ఒక్కటే కారణం కాదు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనం రెండు మూడు భాషల మధ్య బతుకుతున్నాం. తెలుగులో, "మీకేమైనా సందేహాలుంటే చెప్పండి" అంటాం. కన్నడంలో ఏనాదరూ, తమిళంలో ఏదావదు అంటారు. ఈ మూడు భాషల్లోనూ ఎనీకి సరిపోయే మాట విడిగా ఉంది. మరాఠీలో కాహీ, ఒడియాలో కిఛి మాత్రం రెండు పనులూ చేస్తాయి. కొంత అన్నా కాహీయే, ఏమైనా అన్నా కాహీయే. కనుక ఆ భాషల్లో చదువుకున్న మన పిల్లలు దాన్ని నేరుగా ఇంగ్లీషులోకి దించితే సమ్ పడే ప్రమాదం ఎక్కువ.

అలాగని ఇఫ్ తరువాత సమ్ రానే రాదని కొత్త సూత్రం కట్టకండి. వంటింట్లో ఒక మాట వినండి. "కొంచెం ఉప్పు వేస్తే రుచిగా ఉంటుంది" అన్నచోట "ఇఫ్ యు యాడ్ సమ్ సాల్ట్" అంటారు. వేయమని ప్రోత్సాహం. "ఏమాత్రం ఉప్పు వేసినా చెడిపోతుంది" అన్నచోట "ఇఫ్ యు యాడ్ ఎనీ సాల్ట్" అంటారు. వేయవద్దని హెచ్చరిక. రెండింటిలోనూ ఇఫ్ ఉంది, ఉప్పూ ఉంది. మారింది మాట్లాడేవారి కోరిక ఒక్కటే. అమెరికా భాషావేత్త రాబిన్ లేకాఫ్ 1969లో ఈ రెండు మాటల మీద ఒక వ్యాసం రాశారు. సమ్, ఎనీలకు వాక్యరూపాన్ని బట్టి సూత్రం కట్టడం కుదరదన్నదే దాని సారం.

అలాగే పిల్లవాడు లెక్క చేయలేక దిగులుగా కూర్చుంటే, "ఇఫ్ యు నీడ్ సమ్ హెల్ప్, కాల్ మి" అనవచ్చు. వాడికి సహాయం కావాలని మనకు కనిపిస్తూనే ఉంది. పదిమందికి పంపే ప్రకటనలో అయితే ఎనీ హెల్ప్ అనడమే మేలు. ఎవరికి కావాలో మనకు తెలియదు కదా.

సందిగ్ధం వచ్చినప్పుడు ఆ వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. కొంచెం, కొన్ని అని సహజంగా వస్తే సమ్. ఏమైనా, ఏమాత్రం అని వస్తే ఎనీ. ఒక్కచోట మాత్రం ఈ పరీక్ష తప్పుతుంది. చుట్టాన్ని మనం, "తాగడానికి ఏమైనా తీసుకుంటారా?" అని ఆప్యాయంగానే అడుగుతాం. ఇంగ్లీషులో ఆ ఆప్యాయత రావాలంటే "వుడ్ యు లైక్ సమ్‌థింగ్ టు డ్రింక్?" అనడమే మంచిది. ఇచ్చే సందర్భంలో మాటను కాక, మనసును చూసుకోవాలి.

మా విద్యార్థికి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే సార్, ఆయన నా మీద కోప్పడలేదు, నేను రాసిందే ఆయన చదివాడు" అన్నాడు. వాడు వెళ్ళాక నా పాఠాల నోటుపుస్తకం తీసి, సమ్, ఎనీల పాత సూత్రం కింద ఆ ధరల పట్టిక కథ రాసుకున్నాను. ఈ ఏడు తరగతిలో రెండూ కలిపే చెబుతున్నాను.