నడవలో ఇన్వర్టర్ బల్బు.. పగలంతా స్విచ్ ఆపేస్తే రాత్రి వెలగదు!

గద్వాల పక్కనే జూరాలలో 234 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం. నాగర్‌కర్నూల్ జిల్లా ఈగలపెంటలో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం, 900 మెగావాట్లు. అయినా ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే గద్వాలైనా, వనపర్తి అయినా, నాగర్‌కర్నూల్ అయినా కరెంటు పోతుంది. ఎందుకంటే అక్కడ తెగేది ఉత్పత్తి కాదు, మన వీధి లైను.

అప్పుడు హాల్లో ఉన్నవాళ్లకు ఫోన్ టార్చ్ చాలు. ఇబ్బందల్లా నడవలోనే. బాత్రూమ్‌కి వెళ్లే పెద్దవాళ్లకు మెట్టు కనపడదు, చేతిలో ఫోన్ ఉండదు. అందుకే చాలామంది నడవ హోల్డర్‌లో ఇన్వర్టర్ బల్బు పెడుతున్నారు. మంచిదే. కానీ అది ఎలా పనిచేస్తుందో తెలియకపోతే సరిగ్గా అవసరమైన రాత్రే మొండికేస్తుంది.

స్విచ్ ఆపారా, కరెంటు పోయిందా?

రెండు సందర్భాల్లోనూ బల్బుకి కరెంటు రాదు. మరి తేడా ఎలా తెలుస్తుంది? కరెంటు ఆగగానే బల్బు తన రెండు కొనల మధ్య చిన్న వోల్టేజీ పంపి, బయట దారి ఉందా అని చూస్తుంది. వీధిలో కరెంటు పోతే మీ ఫ్యాను, పక్కింటి ఫ్రిజ్, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల గుండా దారి ఉంటుంది, వెలుగుతుంది. స్విచ్ ఆపితే దారి తెగుతుంది, వెలగదు. బల్బు అడుగున వేళ్లు పెడితే వెలిగే షాపు ట్రిక్కు కూడా ఇదే: మీ చెయ్యే దారి.

దీన్నిబట్టి ఒక చిక్కు అర్థమవుతుంది. గాలికి మీ ఇంటి సర్వీసు వైరే తెగి, ఇంట్లో మిగతా స్విచ్‌లన్నీ ఆపి ఉంటే బల్బుకి దారి దొరకదు. చీకటే. రాత్రి ఫ్యాను స్విచ్ ఒక్కటి వేసి ఉంటే ఆ సమస్య రాదు. ఒకసారి పరీక్షించండి: నడవ లైటు, ఫ్యాను స్విచ్‌లు వేసి ఉంచి మెయిన్ ఆపండి. బల్బు వెలగాలి.

చార్జింగ్ లెక్క

అసలు తిప్పలు ఇక్కడే. స్విచ్ వేసి ఉన్నప్పుడే లోపలి బ్యాటరీ చార్జ్ అవుతుంది. పూర్తిగా ఖాళీ అయితే నిండటానికి చాలా బల్బులకు 8 నుంచి 10 గంటలు పడుతుంది. నడవ లైటు సాయంత్రం ఆరున్నరకు వేసి పదిన్నరకు ఆపితే నాలుగు గంటలే. నిన్న ఖాళీ అయినది ఇవాళ సగానికి మించి నిండదు. రాత్రంతా వేసి ఉంచండి. చార్జింగ్‌తో కలిపి 12 వాట్లు తీసుకుందనుకున్నా, రోజుకు పది గంటల చొప్పున నెలకు నాలుగు యూనిట్ల లోపే. అలా వేసి ఉంచడం ఇష్టం లేకపోతే నడవకి ఇన్వర్టర్ బల్బు వద్దు. ఎప్పుడూ ప్లగ్‌లో ఉండి, కరెంటు పోగానే తనంతట తానే వెలిగే గోడ ఎమర్జెన్సీ లైటు తీసుకోండి.

డబ్బా మీద '9 వాట్లు, 4 గంటలు' అని ఉంటే రెండూ ఒకేసారి నిజం కావు. లోపల 2200 ఎంఏహెచ్, 3.7 వోల్టుల సెల్ ఉందనుకోండి. రెంటినీ గుణిస్తే సుమారు 8 వాట్ అవర్లు. 9 వాట్లతో వెలిగితే గంట కూడా రాదు. నాలుగు గంటలు వస్తోందంటే 2 వాట్ల వెలుగే ఇస్తోందన్నమాట. చదువుకోవడానికి చాలదు కానీ, నడవకి సరిపోతుంది.

ఎక్కడ బిగించాలి?

18 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, వంటింటి వైపు చివర రెండు మెట్లున్న నడవ అనుకుందాం. మధ్యలో సీలింగ్‌కి పెడితే మెట్లవైపు నడిచేవారికి లైటు వెనకపడుతుంది, వాళ్ల నీడే మెట్టు మీద పడుతుంది. అదే మెట్ల పక్క గోడకి ఏడడుగుల ఎత్తున యాంగిల్ హోల్డర్ పెట్టి, బల్బు కిందికి చూసేలా బిగిస్తే రెండు మెట్ల అంచులూ కనిపిస్తాయి. రెండో చివరకు చిన్న ఎమర్జెన్సీ లైటు చాలు.

మూత ఉన్న గాజు డోముల్లో మాత్రం పెట్టొద్దు. వేడి బయటికి పోక లిథియం సెల్ త్వరగా దెబ్బతింటుంది. మన మే నెల ఎండకి ఆరుబయట రేకుల కింద కూడా అంతే. ఇంట్లో పెద్ద ఇన్వర్టర్ ఉంటే ఆ లైన్ మీద ఈ బల్బు దండగ. దానికి కరెంటు పోయిన సంగతే తెలియదు.

కొన్నప్పుడు ఎన్ని గంటలు వెలిగిందో రాసిపెట్టుకోండి. రాత్రంతా చార్జ్ చేశాక కూడా అందులో సగానికి పడిపోయిందంటే సెల్ అయిపోయినట్టే. బల్బు ఉబ్బినా, ముట్టుకోలేనంత కాలినా స్విచ్ ఆపి, చల్లారాక తీసేయండి. చెత్తబుట్టలో కాదు, పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునేవారికి ఇవ్వండి.