క్యూ కార్డు చేతికొచ్చాక

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఇంజినీరింగ్ కాలేజీ లేని దారి తక్కువ. చివరి సంవత్సరం వచ్చేసరికి ఆ బస్సుల్లో సగం మాటలు ఐఈఎల్‌టీఎస్ గురించే. అందరినీ ఎక్కువగా భయపెట్టేది స్పీకింగ్ పరీక్షలో రెండో భాగం. క్యూ కార్డు మీద ఒక విషయం ఉంటుంది. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, కాగితం, పెన్సిల్ ఇస్తారు. ఆ తర్వాత రెండు నిమిషాల దాకా మనమే మాట్లాడాలి.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. నీళ్ల పక్కన మీకు నచ్చిన చోటు గురించి చెప్పమని కార్డు వచ్చింది. వైజాగ్ బీచ్ మీద కంఠతా పట్టిన పేరా ఉంది కదా అని మొదలుపెట్టింది. పావు నిమిషం గడగడా సాగింది. ఒక మాట జారింది. అంతే, వెనకున్నదంతా మాయం. గుండె దడ, నోరు ఎండిపోవడం, ఎదుట ఎగ్జామినర్ ముఖం తప్ప ఏమీ కనిపించకపోవడం.

తెలిసిన ఇంగ్లిష్ ఎక్కడికీ పోలేదు. పదమూడో ఎక్కంలో ఏడో మెట్టు హఠాత్తుగా అడిగితే మనం పదమూడు ఒకట్ల దగ్గర నుంచి ఎందుకు లెక్కపెట్టుకొస్తాం? వరసగా నేర్చుకున్నది వరసగానే వస్తుంది గనుక. కంఠతా పట్టిన పేరా కూడా అంతే, ఒక్క కొక్కెం ఊడితే మిగతాది అందదు. పైగా మాట్లాడేటప్పుడు మనసు ఒకేసారి నాలుగైదు విషయాలకు మించి పట్టుకోలేదు. ‘అయిపోయింది, బ్యాండ్ పోయింది’ అన్న దిగులు ఆ కొద్ది చోటులోనే వచ్చి కూర్చుంటుంది. ఇక వాక్యానికి జాగా ఎక్కడిది?

అదే కార్డును ఇంకోలా చేసి చూద్దాం. గొప్ప చోటు వెతక్కుండా, కళ్లకు కట్టినట్టు గుర్తున్న చోటు తీసుకోవాలి. వైజాగ్ కాదు, పోయిన ఆదివారం చూసిన శామీర్‌పేట చెరువు. కాగితం మీద వాక్యాలు రాయకూడదు, పేర్లు రాయాలి: గట్టు, నాన్న బండి, కాల్చిన మొక్కజొన్న, ఎండాకాలం. ఒక్కో మాటకు పాతిక సెకన్లు మాట్లాడినా నిమిషంన్నర దాటుతుంది. మధ్యలో ఆగిపోతే గడిచిన వాక్యాన్ని వెతకొద్దు. ఊపిరి నెమ్మదిగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు బయటికి వదిలి (దడ కాస్త దిగేది అక్కడే), కాగితం మీద తర్వాతి మాట చూసి ‘వాట్ ఐ రిమెంబర్ మోస్ట్ ఈజ్’ అని దాంతోనే అందుకోవాలి. మొక్కజొన్న వాసన దగ్గర నుంచి మొదలైనా కథ కథే. చెరువు గురించి చెప్పింది నిజమా కాదా అన్నదానికి మార్కులు లేవు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగే చూస్తారు. వాటిలోనూ ఏం చెప్పాలా అని ఆగడాన్ని, మాట దొరక్క ఆగడాన్ని ఒకే గాటన కట్టరు. మొదటిదానికి పై బ్యాండ్లలోనూ చోటుంది.

మీరు ఎందుకు ఆగుతున్నారో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసి వినండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే అది బట్టీ. చోటు మారుతూ, తెలుగు మాటకు ఇంగ్లిష్ దొరకని చోటల్లా ఆగితే అది అనువాదం. ‘గట్టు’కు ఇంగ్లిష్ మాట రాదు, అయితే ఏం? చెరువు పక్కన జనం నడిచే ఎత్తైన దారి అని వచ్చిన ఇంగ్లిష్‌లోనే చెప్పేస్తే సరి. అలా తిప్పి చెప్పగలగడానికి కూడా పదసంపద కింద విలువ ఉంది. రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినర్ మధ్యలో ఆపేస్తారు. అది కోపం కాదు, గడియారం. దాన్ని తప్పుగా అర్థం చేసుకుని మూడో భాగాన్ని పాడుచేసుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఆ భాగంలో ప్రశ్న అర్థం కాకపోతే ఇంకోలా అడగమని కోరవచ్చు కూడా.

రాత పరీక్షలో కథ వేరు. గంటలో రెండు టాస్కులు రాయాలి. 250 పదాల రెండో దానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ, దానికి నలభై నిమిషాలు ఉంచుకోవాలి. ఇక్కడ చేయి ఆగేది దాదాపు ఎప్పుడూ మొదటి వాక్యం దగ్గరే. కంప్యూటర్ మీద రాస్తుంటే దాన్ని వదిలేసి, చెప్పదలచిన కారణాల్లో తేలికైనదానితో పేరా మొదలుపెట్టండి, ఉపోద్ఘాతం తర్వాత పైన చేర్చవచ్చు. కాగితం మీదైతే పైన నాలుగు గీతలు ఖాళీ వదలాలి.

ఇంత చేసినా లొంగని భయం ఉంటుంది. పరీక్ష లేని రోజుల్లో కూడా ఊపిరాడనట్టు, గుండె ఆగిపోతున్నట్టు అనిపిస్తే అది క్యూ కార్డు సమస్య కాదు, డాక్టర్‌కు చూపించాలి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. దడ తగ్గుతుందని హాస్టల్ మిత్రుడు ఇచ్చే మాత్ర మాత్రం ముట్టుకోకండి. అలాంటి వాటిలో కొన్ని ఉబ్బసం ఉన్నవాళ్లకు నిజంగానే ఊపిరి ఆడనివ్వవు.