కాలు తీసినా కారు నెమ్మదించకపోతే

ఎలక్ట్రిక్ కారు నడిపేవాళ్లకు కొద్ది రోజుల్లోనే ఒక అలవాటు పడుతుంది. దూరంగా సిగ్నల్ కనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తారు. బ్రేకు తొక్కకుండానే కారు వేగం తగ్గుతుంది. ఆ క్షణంలో మోటారు జనరేటరుగా మారుతుంది. చక్రాలు దాన్ని తిప్పుతుంటే పుట్టే కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. దీన్నే రీజెన్ అంటున్నాం. కారును వెనక్కి లాగి పట్టేది ఆ కరెంటు పుట్టించే పనే. బ్యాటరీ ఆ కరెంటును పుచ్చుకోకపోతే లాగి పట్టడమూ ఉండదు. అప్పుడే డ్యాష్‌బోర్డు మీద రీజెన్ తగ్గిందన్న మెసేజ్ వస్తుంది.

చికాగోలోనో డెట్రాయిట్‌లోనో ఉంటున్న మనవాళ్లకు జనవరి ఉదయాల్లో ఇది మామూలే. రాత్రంతా బయట నిలిపిన కారులో బ్యాటరీ గడ్డకట్టే చలికి చల్లబడి ఉంటుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి చొరబడాలి. చలిలో ఆ కదలిక మందగిస్తుంది. బలవంతంగా కరెంటు తోస్తే లోపలికి పోలేని లిథియం పైనే లోహంలా పేరుకుంటుంది. దాంతో బ్యాటరీ సామర్థ్యం కొంత శాశ్వతంగా పోవచ్చు, పేరుకున్నది పెరిగితే లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే కారులోని కంప్యూటర్ ముందుగానే రీజెన్‌కు పరిమితి పెడుతుంది. చిత్రమేమిటంటే, అదే చల్లటి బ్యాటరీ బయటికి మాత్రం కరెంటు బాగానే ఇస్తుంది. కారు హుషారుగానే పరుగెత్తుతుంది, కాలు తీసినప్పుడే తేడా తెలుస్తుంది. కొంత దూరం నడిచి బ్యాటరీ వేడెక్కేకొద్దీ పట్టు మెల్లగా తిరిగొస్తుంది.

మన దగ్గర అంత చలి లేదు. ఇక్కడ ఎదురయ్యేది రెండో కారణం, నిండిన బ్యాటరీ. ప్రతి సెల్‌కూ దాటకూడని వోల్టేజి ఒకటి ఉంటుంది. నూరు శాతానికి చేరిన సెల్ ఆ గీత దగ్గరే ఉంటుంది కాబట్టి, ఇంకా కరెంటు వస్తానంటే కంప్యూటర్ తలుపు వేసేస్తుంది. చదును రోడ్డు మీద దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఘాట్ రోడ్డు సంగతి వేరు.

తిరుమల నుంచి దిగడాన్నే తీసుకుందాం. మనుషులతో కలిపి 1,800 కిలోల కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు మూడున్నర యూనిట్లు. టైర్ల రాపిడి, గాలి ఒరిపిడి పోను రెండు యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. రీజెన్ ఉంటే అందులో చాలా భాగం బ్యాటరీకి చేరుతుంది. 40 యూనిట్ల బ్యాటరీలో అది నాలుగైదు శాతం. రీజెన్ లేకపోతే ఆ శక్తంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారాల్సిందే. పెట్రోలు కారు డ్రైవర్లు సెకండ్ గేరులో వేసి దిగుతారు, ఇంజనే పట్టి ఉంచుతుంది. చాలా ఎలక్ట్రిక్ కార్లలో మార్చుకోవడానికి గేర్లే లేవు. కింది నుంచి ఎక్కి, పైన ఛార్జింగ్ పెట్టకుండా దిగేవారికి ఈ బెడద ఉండదు. ఎక్కేటప్పుడు ఖర్చయిన చోటు ఖాళీగా ఉంటుంది కదా. కొండ మీదే బస చేసి నూరు శాతం నింపుకున్నవారే ఆలోచించాలి. 85 దగ్గర ఆపేస్తే సరిపోతుంది.

బ్రేకు పెడల్ కింద ఏం జరుగుతుందన్నది కారును బట్టి మారుతుంది. కొన్ని కార్లలో పెడల్ తొక్కినా ముందు రీజెనే పనిచేస్తుంది, చాలని మేరకు మామూలు బ్రేకులు కలుస్తాయి. రీజెన్ తగ్గినా పెడల్ స్పర్శ అంతగా మారదు. టెస్లా లాంటి కార్లలో రీజెన్ అంతా యాక్సిలరేటర్ దగ్గరే, పెడల్ పని మామూలు బ్రేకులదే. రోజూ పెడల్ జోలికి పోని ఇలాంటి కార్ల డ్రైవరుకే ఎక్కువ కంగారు. కాలు తీసినా కారు న్యూట్రల్‌లో ఉన్నట్టు జారిపోతుంది. ముందు వాహనం ఉన్నట్టుండి దగ్గరైపోతుంది. బ్రేకులు చెడలేదు, తొక్కితే పూర్తిగానే పనిచేస్తాయి. ఆలస్యమైంది కాలు. దీన్ని కప్పిపుచ్చడానికి, కాలు తీయగానే మామూలు బ్రేకులను తనంతట తానే వేసే ఆప్షన్‌ను టెస్లా తర్వాత చేర్చింది. నా ఉద్దేశంలో అది మొదటి నుంచీ ఉండాల్సింది.

చలి ప్రాంతాల వాళ్లు బయల్దేరే ముందు, ప్లగ్ తీయకుండానే బ్యాటరీని వేడెక్కించుకోవచ్చు. చాలా కార్లలో బయల్దేరే టైము సెట్ చేసుకునే వీలుంది. నిండు బ్యాటరీతో కొండ మీద ఉండిపోతే ఏసీ వేసి కరెంటు ఖర్చు చేద్దామనిపిస్తుంది గానీ, అరగంటకు ఒక యూనిట్ కూడా తరగదు. అంతకన్నా మొదటి నుంచీ నెమ్మదిగా దిగడం మేలు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా కాసేపు తొక్కి వదలాలి. అలా వదిలిన వ్యవధిలో డిస్కులకు గాలి తగులుతుంది. కాలిన వాసన వచ్చినా, ఎంత తొక్కినా పట్టు తగ్గినట్టనిపించినా వీలైన చోట ఆపి చల్లారనివ్వాలి. మే నెల మధ్యాహ్నం, సగం ఛార్జింగ్ మీద కూడా అదే మెసేజ్ కనిపిస్తే అది చలీ కాదు, నిండుదనమూ కాదు. సర్వీస్ సెంటర్‌లో చూపించాలి.