మాట దాటించాక

రొమ్ములో గడ్డకు బయాప్సీ చేశారనీ, రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దనీ స్నేహితురాలు మాట తీసుకుంది. ఆ సంగతి తోటికోడలికి చెప్పేసినవారు క్షమాపణ అడిగేటప్పుడు వివరం దాచకూడదు: ‘ఆదివారం మా తోటికోడలితో గడ్డ సంగతి, ఆసుపత్రి పేరు అనేశానే. తప్పు నాదే.’ ఎవరికెంత తెలిసిందో తెలిస్తేనే, తన అత్తగారికి ఆ కబురు బయటినుంచి చేరకముందు తానే చెప్పుకునే వీలు ఆమెకుంటుంది.

‘నీ మీద బెంగతోనే చెప్పాను’ అనడం నాకు అన్యాయమనిపిస్తుంది. అది విన్నాక ఆమెకు కోప్పడటానికి కూడా మొహమాటమే. తోటికోడలికి ఫోన్ చేసి ‘ఎవరికీ అనకు’ అని బతిమాలాలన్నా ముందు స్నేహితురాలిని అడగాలి. ఆ ఫోనే సంగతిని మళ్లీ రేపవచ్చు. ‘క్షమించానని చెప్పు’ అని వెంటపడొద్దు. రిపోర్టులో ఏమొచ్చిందో ఆమె చెప్పకపోతే, అడగొద్దు.