రంగుల షాపుకొచ్చిన ఇంగ్లిష్ నోటీసు
గుంటూరులో ఒక రంగుల షాపు ఉందనుకుందాం. యజమాని లక్ష రూపాయల సరుకు మీద 18,000 జీఎస్టీ కట్టి, తన అమ్మకాల పన్నులో ఆ మొత్తం తగ్గించుకున్నాడు. అదే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్. కొన్నాళ్లకు ఏఎస్‌ఎంటీ-10 నోటీసు వచ్చింది.

అందులో ముందు చూడాల్సినవి రెండు మొత్తాలు: జీఎస్టీఆర్-3బీలో ఆయన తీసుకున్న క్రెడిట్, అమ్మినవాళ్ల రిటర్నుల నుంచి 2బీలో చేరిన క్రెడిట్. తేడా సరిగ్గా 18,000.

డబ్బు కట్టిన రుజువున్నా చాలదు, బిల్లు 2బీలో కనిపించాలి. బిల్లు నంబరు, తేదీ, కొన్నవారి 15 అక్షరాల జీఎస్టీఐఎన్ ఒక్కొక్కటీ సరిచూస్తే అసలు సంగతి తేలుతుంది: హోల్‌సేలర్ వేరే షాపు జీఎస్టీఐఎన్ వేశాడు.

సవరణ హోల్‌సేలరే చేయాలి. దానికి గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30. నోటీసుకు మాత్రం అందులో రాసిన గడువులోగా, బిల్లు జతచేసి, ఏఎస్‌ఎంటీ-11లో జవాబివ్వాలి.